మూడు కంతులు తప్పితే అసలు ఖర్చు నాలుగో నెల నుంచే

ఫైనాన్సులో బండి తీసుకుని మూడు నెలలు కట్టలేకపోయిన మనిషిని ఎంత బాకీ ఉన్నావని అడగండి. "మూడు కంతులు, దాని మీద ఏదో ఫైను" అంటాడు. ఆ ఫైను ఎంతని అడిగితే అగ్రిమెంటులో నెలకు మూడు శాతమని రాసుందంటాడు. మూడు శాతం అనే ఆ మాట చుట్టూనే అందరి భయమూ. నా అభిప్రాయంలో భయపడాల్సిన చోటు అది కాదు. మూడు నెలలు కట్టకపోవడానికయ్యే ఖర్చు ఎలాగో భరించవచ్చు. ఆ తర్వాత ప్రతి నెలా కడుతూ కూడా మూడు కంతులు వెనకబడి నడుస్తామే, మనిషిని నిలువునా తినేది ఆ నడక. దాని గురించి కట్టేవాడికి ఎవరూ చెప్పరు. చెప్పకపోవడానికి కారణం ఉంది, ఆ మాట కాసేపట్లో వస్తుంది.

అనంతపురంలో ఒక వాహన ఫైనాన్సు కంపెనీ బ్రాంచిలో కొన్నేళ్లు లెక్కలు చూసిన అనుభవంతో ఇది రాస్తున్నాను. ఇక్కడ చెప్పే కంపెనీ అది కాదు, ఇంకొకటి. పేర్లతో పనిలేదు, పద్ధతి మాత్రం అన్ని చోట్లా దాదాపు ఒక్కటే.

మా చిన్నాయన కొడుకు ఒకడు చిన్న గూడ్సు బండి నడుపుతాడు. గార్లదిన్నె, నార్పల వైపు తోటల నుంచి చీనీకాయలు అనంతపురం మార్కెట్ యార్డుకు వేస్తాడు. కాయ లేని రోజుల్లో సిమెంటు, ఇటుకలు, ఇల్లు మారేవాళ్ల సామాన్లు, ఏది దొరికితే అది. 2024 నవంబరులో బండి మీద రెండున్నర లక్షలు అప్పు తీసుకున్నాడు. ఏడాదికి 18 శాతం వడ్డీ, 36 నెలలు. నెల కంతు తొమ్మిది వేల ముప్పై చిల్లర. లెక్క తేలికగా ఉండాలని ఇక్కడ తొమ్మిది వేలే అనుకుందాం. ప్రతి నెలా 5వ తేదీన బ్యాంకు ఖాతా నుంచి దానంతట అదే కోత పడేలా మ్యాండేటు రాసిచ్చాడు.

2025 మే నెలాఖరులో గేర్‌బాక్స్ పోయింది. రిపేరుకు డబ్బు సమకూరే దాకా బండి షెడ్డులోనే ఉండిపోయింది. బండి తిరగకపోతే కంతు లేదు. జూన్ 5, జూలై 5, ఆగస్టు 5 మూడూ తప్పాయి.

ముందు ఆ మూడు శాతం సంగతి చూద్దాం. తొమ్మిది వేలకు నెలకు మూడు శాతం అంటే 270. మూడు నెలలు తప్పింది కాబట్టి మూడు 270లు, 810 అనుకుంటారు చాలామంది. అలా కాదు. సెప్టెంబరు 5 నాటికి జూన్ కంతు మూడు నెలలు పాతది, జూలై కంతు రెండు నెలలు, ఆగస్టు కంతు ఒక నెల. మూడూ రెండూ ఒకటీ కలిపితే ఆరు. ఆరు 270లు 1,620. అంటే కంతులు మూడు తప్పినా ఫైను ఆరింటికి పడుతుంది. నాలుగు తప్పితే పదింటికి, ఐదు తప్పితే పదిహేనింటికి. ఈ పెరుగుదల తెలియక "మొదటి నెల 270 వేసినారు, మూడో నెలకు అంతెట్లయింది" అని బ్రాంచిలో గొడవపడేవాళ్లను చాలామందిని చూశాను. గొడవలో న్యాయం ఉండేది కాదు, కానీ వాళ్లకు ఆ లెక్క విప్పి చెప్పినవాళ్లూ ఉండేవాళ్లు కాదు.

ఇది కాక, కట్టని కంతు మీద మామూలు 18 శాతం వడ్డీ కూడా నడుస్తుంది. దాన్ని వేరే వరుసలో చూపించే కంపెనీలున్నాయి. ఫైనులో సగం ఉంటుంది. మావాడి స్టేట్‌మెంటులో అది విడిగా లేదు కాబట్టి పక్కన పెడుతున్నాను.

27,000 బాకీకి 1,620. ఇందులో గుండె జారిపోయేంతదేమీ లేదు. మన వైపు చేబదులుకే నూటికి రెండు రూపాయలు, మూడు రూపాయలు వడ్డీ మామూలే. కంపెనీ కూడా మూడు రూపాయల వడ్డీ వేసింది, అంతే.

శాతాల్లో కాకుండా నిలువు మొత్తంగా పడేవి వేరే ఉన్నాయి. ఖాతాలో డబ్బు లేక కోత వెనక్కి పోతే కంపెనీ బౌన్సు చార్జీ వేస్తుంది, మావాడి కాగితంలో అది 500. అదే బౌన్సుకు మన బ్యాంకు కూడా విడిగా వేస్తుంది. ఇతని బ్యాంకులో 250, దాని మీద 18 శాతం జీఎస్టీ, కలిపి 295. అంటే ఒక్క బౌన్సుకు 795. తొమ్మిది వేల కంతు మీద మూడు శాతం ఫైను నెలంతా కలిపి 270 అయితే, 5వ తేదీ పొద్దున ఒక్క క్షణంలో పడేది దానికి మూడింతలు. కంతు చిన్నదయ్యే కొద్దీ ఈ తేడా ఇంకా ఘోరం. రెండున్నర వేల బైకు కంతుకూ బౌన్సు అదే 500, అదే 295.

పైగా బౌన్సు నెలకు ఒకటితో ఆగదు. 5న రాకపోతే కొన్ని కంపెనీలు 20 ప్రాంతంలో అదే కోతను మళ్లీ పంపుతాయి. జూన్‌లో అలా రెండు, జూలైలో రెండు పడ్డాయి.

ఆగస్టులో జరిగింది మాత్రం ఎవరికి చెప్పినా ముందు నమ్మరు. బండి అప్పటికి రోడ్డెక్కింది. ఆగస్టు 4 సాయంత్రం వాడు ఎవరి దగ్గరో తెచ్చి, సరిగ్గా తొమ్మిది వేలు ఖాతాలో వేశాడు. పొద్దునకు కోత పడుతుంది, ఒక కంతైనా తీరుతుందని నమ్మకం. వేసిన కాసేపటికే ఫోనుకు మెసేజ్‌లు మొదలయ్యాయి. 295, మళ్లీ 295, ఇంకోసారి, ఇంకోసారి. జూన్, జూలైలలో ఖాతా ఖాళీగా ఉండి బ్యాంకు తీసుకోలేకపోయిన నాలుగు బౌన్సుల చార్జీ 1,180, డబ్బు కనపడగానే లాగేసుకుంది. ఖాతాలో 7,820 మిగిలింది. పొద్దున తొమ్మిది వేల కోత వచ్చి, డబ్బు చాలక వెనక్కి పోయింది. కంతు కోసం డబ్బు వేసి కూడా, ఆ కంతు బౌన్సయింది. ఆ బౌన్సుకు మళ్లీ 500, 295. మిగిలిన ఏడున్నర వేలు చూసి వీడికి విసుగొచ్చి ఇంటి ఖర్చుకు తీసేసుకున్నాడు. దాన్ని నేను తప్పుపట్టలేను.

ఇలాంటప్పుడు ఖాతాలో వేయాల్సింది కంతు మొత్తం కాదు, కంతు ప్లస్ బ్యాంకుకు బాకీ పడ్డ చార్జీలు. ఆ బాకీ ఎంతో బ్యాలెన్సులో కనపడదు. కౌంటర్లో అడిగితేనే చెబుతారు.

సరే, సెప్టెంబరు 5 నాటి మొత్తం వేద్దాం. కంపెనీ బౌన్సు చార్జీలు ఐదు, 2,500. బ్యాంకు చార్జీలు ఐదు, 1,475. శాతం ఫైను 1,620. ఇంటికొచ్చి అడిగినందుకు ఫీల్డ్ విజిట్ పేరుతో రెండుసార్లు 300 చొప్పున 600. అంతా కలిపి 6,195. ఇందులో అందరూ భయపడే మూడు శాతం వాటా నాలుగో వంతు దగ్గర్లో ఉంది. మిగతాదంతా నిలువు చార్జీలే. అయినా ఇది మూడు నెలల కష్టానికి ఒకసారి పడ్డ దెబ్బ. ఇక్కడితో ఆగి ఉంటే నేనీ వ్యాసం రాసేవాణ్ణి కాదు.

సెప్టెంబరు 2న కలెక్షను కుర్రాడు ఇంటికొచ్చాడు. మర్యాదగానే మాట్లాడాడట. "అన్నా, 3వ తారీకు లోపల ఒక్క కంతు కట్టేయ్, అకౌంటు ఎన్‌పీఏ కాదు. మిగిలింది నిదానంగా చూసుకుందాం" అన్నాడు. వీడు తొమ్మిది వేలు చేతికిచ్చాడు. రసీదు వచ్చింది, ఫోనుకు మెసేజ్ వచ్చింది, యాప్‌లో పచ్చ రంగు టిక్కు కూడా వచ్చింది. గండం గడిచిందనుకున్నాడు.

ఇక్కడే అసలు సంగతి ఉంది. బయటివాళ్లకు తెలియని భాషలో నడిచే సంగతి ఇది. బాకీ ఎన్ని రోజులు పాతదైతే ఖాతాను అంత లోతు బకెట్‌లో వేస్తారు. 30 రోజుల లోపు ఒక బకెట్, 60 లోపు ఒకటి, 90 లోపు ఒకటి. రిజర్వ్ బ్యాంకు నియమం ప్రకారం అన్నిటికన్నా పాత బాకీకి 90 రోజులు నిండితే ఆ రాత్రికి ఖాతా ఎన్‌పీఏ, అంటే మొండి బాకీ కింద లెక్క. జూన్ 5 కంతుకు 90 రోజులు నిండేది సెప్టెంబరు 3న. ఒకసారి ఎన్‌పీఏ అయితే ఒకటో రెండో కంతులు కట్టి బయటపడటం కుదరదు. గడువు దాటిన పాత బాకీ, అందులోని వడ్డీ, అసలు రెండూ పూర్తిగా తీరితేనే మళ్లీ మామూలు ఖాతా అవుతుంది. 2021 నవంబరులో రిజర్వ్ బ్యాంకు దీన్ని గట్టిగా చెప్పింది. కాబట్టి ఆ గీత దాటకుండా చూడటం కంపెనీకి చాలా ముఖ్యం.

కలెక్షను కుర్రాడి ఇన్సెంటివ్ కూడా బకెట్ మీదే ఉంటుంది. ఒక్క కంతు వసూలు చేసి ఖాతాను అదే బకెట్‌లో నిలబెడితే దాన్ని స్టాబ్ అంటారు. రెండు మూడు కంతులు తెచ్చి పై బకెట్‌కు లాగితే రోల్ బ్యాక్. బాకీ మొత్తం తీరితే నార్మల్. నార్మల్ చేస్తే ఎక్కువ డబ్బొస్తుంది, నిజమే. కానీ తొమ్మిది వేలకే కిందామీదా పడేవాడి దగ్గర 27,000 ఎలా వస్తాయి? నెలాఖరు టార్గెట్ ఉంది, ఇంకో నలభై ఇళ్లు తిరగాలి. స్టాబ్ చేసుకుని పోతాడు. ఆ కుర్రాడు చెడ్డవాడు కాదు. అతనికి జీతమిచ్చేది బాకీదారుణ్ణి గట్టెక్కించడానికి కాదు, మునగకుండా పట్టుకోవడానికి. అందుకే "నెలనెలా ఒకటి కట్టు" అంటాడు తప్ప, "ఇట్ల కడితే ఎప్పటికీ తెమలదు" అనే మాట అతని నోట రాదు.

సెప్టెంబరు 2న ఇచ్చిన తొమ్మిది వేలు పాతదైన జూన్ కంతుకు పోయింది. మూడు రోజులకు సెప్టెంబరు కంతు గడువొచ్చింది. ఇప్పుడు జూలై, ఆగస్టు, సెప్టెంబరు, మళ్లీ మూడే. అక్టోబరు 2న ఇంకో తొమ్మిది వేలు. అది జూలైకి పోయింది, 5న అక్టోబరు వచ్చి చేరింది. మళ్లీ మూడు. ఇలా నెలనెలా కడుతూనే ఉన్నా 27,000 బాకీ చెక్కుచెదరదు. దాని మీద మూడు శాతం, 810, ప్రతి నెలా పడుతూ ఉంటుంది.

ఇంకో చిల్లు ఉంది. కుర్రాడు 2వ తేదీనే ఎందుకొస్తాడు? చాలా నెలల్లో 3తోనో 4తోనో 90 రోజులు నిండుతాయి కాబట్టి. చేతికి డబ్బు తీసుకుంటాడు. మ్యాండేటు మాత్రం ఆపరు, అది 5న కంప్యూటరు నుంచి దానంతట అదే పోతుంది. ఖాతాలో డబ్బుండదు, ఎందుకంటే ఆ డబ్బు మూడు రోజుల ముందే కుర్రాడి చేతిలో పెట్టాడు. బౌన్సు. 500, 295. నెలనెలా కంతు కట్టిన మనిషికి నెలనెలా కంతు కట్టలేదని చార్జీ.

మార్చిలో బండి అమ్మి పెద్దది తీసుకుందామని లెక్క తెప్పించుకుని నా దగ్గరికొచ్చాడు. "న్నా, నెలనెలా కడతానే ఉండా గదన్నా. మళ్లా ఇంత ఎట్ల చూపిస్తాండాది?" అన్నాడు. సెప్టెంబరు నుంచి మార్చి దాకా ఏడు కంతులు కట్టిన రసీదులు వరసగా పిన్ను కొట్టి తెచ్చాడు, ఒక్కటీ తప్పలేదు. స్టేట్‌మెంటులో ఓవర్‌డ్యూ 27,000. చార్జీలు 13,080. అందులో శాతం ఫైను మొదటి మూడు నెలలది 1,620, తర్వాత ఆరు నెలలకు 810 చొప్పున 4,860, కలిపి 6,480. బౌన్సులు పన్నెండు, 6,000. విజిట్లు 600. ఇది కాక వాడి బ్యాంకు లాగేసుకున్నది 3,540. మొత్తం మీద ఆ మూడు కంతుల వల్ల మీద పడ్డది 16,620.

ఈ 16,620ని రెండు ముక్కలు చేసి చూడండి. కట్టని మూడు నెలల్లో పడ్డది 6,195. కట్టిన ఏడు నెలల్లో పడ్డది 10,425. నేను మొదట్లో చెప్పింది ఇదే.

మన లెక్కలోకి మార్చితే ఇంకా తేటగా ఉంటుంది. 27,000 బాకీకి నెలకు 810 ఫైను, 795 బౌన్సు, కలిపి 1,605. అంటే నూటికి నెలకు దాదాపు ఆరు రూపాయల వడ్డీ. కాగితం మీద మూడు రూపాయలని రాసుంది, చేతి నుంచి పోయింది ఆరు. ఊళ్లో ఎవరైనా ఆరు రూపాయల వడ్డీకి ఇస్తానంటే మావాడు గడప కూడా తొక్కడు. అప్పు ముగిసే 2027 నవంబరు దాకా ఇలాగే నడిచి ఉంటే, సెప్టెంబరు నుంచి 27 నెలలకు 43,335 పోయేది. ఆ తర్వాత కూడా అసలు బాకీ 27,000 అలాగే కూర్చుని ఉండేది. అది తీర్చేదాకా బాకీ లేదని రాసిచ్చే ఎన్‌వోసీ ఇవ్వరు. ఎన్‌వోసీ లేనిదే ఆర్‌సీలో ఫైనాన్సు పేరు పోదు, బండి అమ్ముడుపోదు.

ఇక రిజర్వ్ బ్యాంకు సంగతి. 2023 ఆగస్టు 18న ఒక సర్క్యులర్ వచ్చింది, కొత్త అప్పులకు 2024 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. పెనాల్టీని వడ్డీ రేటుకు కలపకూడదు, విడిగా చార్జీగానే వేయాలి. ఆ చార్జీ మీద మళ్లీ వడ్డీ లెక్కకట్టకూడదు. కంతు తప్పితే, తప్పిన మొత్తం మీదే వేయాలి కానీ అప్పు మొత్తం మీద కాదు. మొత్తం సబబుగా ఉండాలి. ఇది కంపెనీలు ఆదాయం పెంచుకునే మార్గం కాకూడదని కూడా అందులో రాశారు. ఇవన్నీ మంచి మాటలే. అప్పు మొత్తం మీద అదనపు వడ్డీ వేసే పాత పద్ధతి పోవడం మామూలు మేలు కాదు.

కానీ మావాడి లెక్కలో ఇది ఎంత మిగిల్చింది? ఫైను మీద ఫైను వేసి ఉంటే మొదటి మూడు నెలల్లో 270 మీద ఎనిమిది రూపాయలు, అలా ఓ ముప్పై చిల్లర రూపాయలు తేడా వచ్చేది. చక్రవడ్డీ అనే మాటకు మనం ఉలిక్కిపడతాం కానీ మూడు నెలల వ్యవధిలో దాని బలం అంతే. అసలు చిల్లులు మూడు: ఒకే కంతుకు రెండుసార్లు కోత పంపడం, డబ్బు చేతికి తీసుకుని కూడా మ్యాండేటు ఆపకపోవడం, వెనకబాటు తీరకుండా ఒక్కో కంతే వసూలు చేసుకుంటూ పోవడం. సర్క్యులర్ వీటిలో దేన్నీ నేరుగా ముట్టుకోలేదు. సబబు అంటే ఎంతో అంకె కూడా చెప్పలేదు.

కంపెనీల తరఫున చెప్పుకోవాల్సింది ఉంది. చెప్పిన రోజుకు కట్టేవాడికీ ఎగ్గొట్టేవాడికీ తేడా లేకపోతే రేపు ఎవడూ 5వ తేదీకి కట్టడు. వెంటపడి వసూలు చేయడానికి మనిషి కావాలి, పెట్రోలు కావాలి. తప్పిన కంతు మీద శాతం ఫైనును నేను అన్యాయమనను. ఎన్ని రోజులు ఆలస్యమైతే అంత పడుతుంది, కట్టగానే ఆగుతుంది. బౌన్సు చార్జీ అలా కాదు. మనిషి ఒకరోజు ఆలస్యమైనా అంతే, చేతిలో డబ్బు పెట్టినా అంతే. జూన్ 5న డబ్బు లేని ఖాతాలో, బండి షెడ్డులో ఉందని తెలిసీ, జూన్ 20న మళ్లీ కోత పంపడం వసూలు ప్రయత్నం కాదు. చార్జీ ప్రయత్నం.

మరి మావాడు ఏం చేసి ఉండాల్సింది? సెప్టెంబరులోనే ఇంట్లో బంగారం కుదవ పెట్టి మూడు కంతులూ ఒకేసారి కట్టి ఉండాల్సింది. బ్యాంకులో బంగారం మీద రూపాయి వడ్డీకి దొరికిందనుకుంటే 27,000కు నెలకు 270. ఇక్కడ పోతున్నది 1,605. కుదవ పెట్టడం మన ఇళ్లలో చిన్నతనంగా, చివరి దారిగా చూస్తారు. ఈ ఒక్క సందర్భంలో అదే మొదటి దారి.

బంగారం లేని ఇళ్లు చాలానే ఉంటాయి. అప్పుడు కూడా సగం నష్టాన్ని ఒక్క రూపాయి అదనంగా లేకుండానే ఆపొచ్చు. చేతికిచ్చే తొమ్మిది వేలను ఖాతాలోనే ఉంచి 5న కోతకు అందేలా చూస్తే, ఆ 795 నిలిచిపోతుంది. దానికి 90 రోజుల గడువు అడ్డం వస్తుంది కాబట్టి, ఏదో ఒక నెలలో రెండు కంతులు కట్టి ఆ గీతకు ఒక నెల దూరం జరగాలి. చీనీ మంచి ధర పలికి కిరాయిలు బాగా దొరికే నెల ఏదో ఒకటి వస్తుంది, ఆ నెల డబ్బు దీనికే కేటాయించాలి. అది వీలుకాకపోతే, ఈ నెల నగదు కట్టాను కాబట్టి 5న కోత పంపొద్దని బ్రాంచికి మెయిల్ పెట్టాలి. కుర్రాడికి నోటితో చెబితే లాభం లేదు. కోత ఫైలు పంపేది వేరే ఊళ్లో ఉన్న ఆఫీసు.

ఒక్కో అదనపు కంతు తీరినప్పుడల్లా నెలకు 270 తగ్గుతుంది. కానీ కట్టేటప్పుడు రసీదులో ఏ పేరుతో జమ చేశారో చూసుకోవాలి. కొన్ని అగ్రిమెంట్లలో ముందు చార్జీలు, తర్వాత వడ్డీ, చివర అసలు అని జమ వరుస రాసి ఉంటుంది. అలా ఉన్నచోట మనం తొమ్మిది వేలు కడితే అందులో రెండు వేలు చార్జీలకు పోయి, కంతుకు ఏడు వేలే జమవుతుంది. ఆ రెండు వేలు తక్కువైనందుకు ఆ కంతు తీరనట్టే లెక్క, రోజులు నడుస్తూనే ఉంటాయి.

మార్చిలో మేం చేసింది ఇది. ముందు పూర్తి స్టేట్‌మెంటు అడిగాం. యాప్‌లో వచ్చే ఒక పేజీ సారాంశం కాదు, మొదటి రోజు నుంచి ప్రతి పద్దూ తేదీతో ఉండేది. దాని పక్కన, అప్పు ఇచ్చేటప్పుడు వడ్డీ, చార్జీలు అన్నీ రాసిచ్చిన కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంటు పెట్టుకున్నాం. 2024 అక్టోబరు 1 నుంచి మంజూరైన ఇలాంటి కొత్త అప్పులకు ఆ కాగితం తప్పనిసరి, అప్పు తీసుకున్నవాడికి అర్థమయ్యే భాషలో ఉండాలి. అందులో లేని చార్జీని అతను ఒప్పుకోకుండా తర్వాత వేయడానికి లేదు. బౌన్సు 500, ఫైను మూడు శాతం అందులో ఉన్నాయి. ఫీల్డ్ విజిట్ అనే పద్దు ఎక్కడా లేదు. శాతం ఫైను మీద జీఎస్టీ వేశారేమో కూడా చూశాం. 2025 జనవరిలో ఆ ఫైనుకు జీఎస్టీ వర్తించదని కేంద్ర పన్నుల బోర్డు చెప్పింది. మావాడికి వేయలేదు.

తర్వాత ఒక పేజీ ఉత్తరం. విజిట్ చార్జీలు 600 కాగితంలో లేవు, తీసేయండి. సెప్టెంబరు నుంచి మార్చి దాకా ఏడు నెలలూ 5వ తేదీకి ముందే మీ మనిషి నగదు తీసుకున్నాడు, రసీదులు ఇవిగో, ఆ ఏడు బౌన్సుల 3,500 తీసేయండి. జూన్, జూలై రెండో కోతల మాట కూడా రాశాం. ఫైను తగ్గించమని మాత్రం అడగలేదు. అది న్యాయంగా పడ్డదే, అడిగితే మిగతా వాదన పలచబడుతుంది. మూడు కంతులూ ఒకేసారి కడతామని చివర్లో రాశాం. ఆ వాక్యం లేకపోతే ఉత్తరం పక్కకు పోతుందని నాకు తెలుసు. బ్రాంచి మేనేజరుకు మాఫీ చేయించే ఉత్సాహం వచ్చేది ఖాతా నార్మల్ అవుతుందంటేనే.

600, 3,500 తీసేశారు. జూన్, జూలై రెండో కోతల చార్జీలకు ఒప్పుకోలేదు, మ్యాండేటు ఫారంలో అనుమతి ఉందన్నారు. చివరికి 27,000, చార్జీలు 8,980, కలిపి 35,980 కట్టాడు. వాళ్లావిడ గొలుసు కుదవ పెట్టారు. కట్టిన రోజు రసీదుతో ఊరుకోకుండా, రెండు రోజులాగి మళ్లీ స్టేట్‌మెంటు తీయించి, ఓవర్‌డ్యూ సున్నా, చార్జీలు సున్నా అని రెండు చోట్లా చూసుకున్నాం.

వినకపోతే ఏం చేసేవాళ్లమంటే, కంపెనీ ఫిర్యాదుల అధికారికి రాసి 30 రోజులు చూసి, జవాబు రాకపోయినా నచ్చకపోయినా రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు cms.rbi.org.in లో పెట్టేవాళ్లం. ఖర్చు లేదు, లాయరు అక్కర్లేదు. 14448కి ఫోను చేస్తే దారి చెబుతారు. అయితే ఇది బ్యాంకులకు, రిజిస్టరైన పెద్ద ఫైనాన్సు కంపెనీలకే పనికొస్తుంది. ప్రామిసరీ నోటు మీద ఊళ్లో ఇచ్చేవాడికి ఈ సర్క్యులర్లేవీ తగలవు.

బ్యాంకు తీసుకున్న 3,540 కూడా అడిగి చూశాం. కోత పంపింది వాళ్లు, ఖాతాలో డబ్బు లేనిది మీది, మధ్యలో మా తప్పేముంది అన్నారు కౌంటర్లో. సెప్టెంబరు నుంచి పడ్డ ఏడు బౌన్సుల 2,065ను ఫైనాన్సు కంపెనీనే ఇవ్వాలని మావాడి వాదన. నాకూ అదే సబబనిపిస్తుంది. ఆ ఉత్తరం ఇంకా రాయాల్సి ఉంది.